గాలి రంధ్రంలోంచి రావాలి, వదులులోంచి కాదు

మే నెలలో హైదరాబాద్ ఇంట్లో ఎయిర్ కూలర్ పెట్టి, గడ్డి తడిసేలా నీళ్లు పోసి, ఎదురుగా మంచం వేసుకుంటే హాయిగా నిద్ర పడుతుంది. అదే కూలర్‌ను లారీలో చెన్నైకి తెచ్చి మైలాపూర్ ఇంట్లో పెడితే గంటలో గది ఆవిరి కుడుము వండే గిన్నెలా తయారవుతుంది. దుప్పట్లు జిగటగా అంటుకుంటాయి. చెన్నైలో కొత్తగా కాపురం పెట్టిన తెలుగువాళ్లలో చాలామంది ఈ పాఠాన్ని మొదటి వేసవిలోనే నేర్చుకుంటారు. హెల్మెట్ కొనేటప్పుడు మాత్రం దాన్ని మరిచిపోతారు.

మనిషి తల కూడా ఒక కూలరే. చెమట ఆవిరైపోతూ చర్మంలోని వేడిని తీసుకుపోతుంది. అయితే బయటి గాలి ఎంత పొడిగా ఉంటే ఆ చెమట అంత వేగంగా ఆవిరవుతుంది. మే మధ్యాహ్నం హైదరాబాద్‌లో 41 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉన్నాయనుకుంటే ఘనమీటరు గాలిలో దాదాపు 11 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. చెన్నైలో సముద్రపు గాలి తిరిగాక 35 డిగ్రీలు, 60 శాతం తేమ ఉంటే అదే ఘనమీటరులో 24 గ్రాములు ఉంటుంది. చెమటతో తడిసిన చర్మానికి ఆనుకుని ఉండే పలుచని గాలిపొరలో సుమారు 40 గ్రాములు. ఈ అంకెల మధ్య తేడాయే చెమటను లాగేది. ఆ తేడా హైదరాబాద్‌లో 29, చెన్నైలో 16. అంటే చెన్నైలో ఎండ తక్కువే అయినా చెమట ఆరే బలం దాదాపు సగమే.

దీనికి ఉన్న మందు ఒక్కటే. తల మీద తడిసి నిలిచిపోయిన గాలిని నెట్టేసి, దాని చోట కొత్త గాలిని ఎడతెరిపి లేకుండా పంపడం. చెన్నైలో హెల్మెట్ ఎంపిక అంతా ఈ ఒక్క పని చుట్టూనే తిరుగుతుంది. ఆ గాలి కోసం జనం పట్టే అడ్డదారి కూడా ఒకటే. ఒక సైజు పెద్దది కొనేస్తారు.

ఒక సైజు పెద్దది

మాధవరంలో అద్దెకుంటూ గిండీ ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో పనిచేసే ఒక నెల్లూరు కుర్రాణ్ని ఊహించుకుందాం. రెట్టేరి, పాడి, కోయంబేడు, వడపళని, అశోక్ పిల్లర్ మీదుగా పోనూ రానూ రోజుకు రెండు గంటల బండి. అందులో సగం సేపు సిగ్నళ్ల దగ్గర నిలబడటమే. మొదటిసారి హెల్మెట్ కొన్నప్పుడు అతను రెండు పెట్టుకుని చూశాడు. ఒకటి చెంపలను నొక్కింది. రెండోది హాయిగా, గాలాడుతున్నట్టుగా ఉంది. రెండోదే తెచ్చుకున్నాడు.

మూడు నెలలకు ఆ హాయి తేలిపోయింది. లోపలి మెత్త చెమటకు, ఒత్తిడికి నలిగి పలచబడింది. హెల్మెట్ నుదుటి మీదికి జారి కనుబొమలకు తగలడం మొదలైంది. సిగ్నల్ దగ్గర తల తిప్పితే హెల్మెట్ ఒక క్షణం ఆలస్యంగా తిరిగేది. బెల్టు బిగిస్తే గొంతు దగ్గర చెమట పొక్కులు వస్తున్నాయని దాన్నీ వదులు చేశాడు.

ప్రమాదంలో ఇలాంటి హెల్మెట్‌ను నమ్మలేం. తల నేలను తాకకముందే ఊడి పక్కకు దొర్లిపోవచ్చు. చెమటకు తడిసిన నుదురు, నూనె రాసిన జుట్టు ఆ జారుడుకు మరింత తోడ్పడతాయి. మద్రాసు హైకోర్టు ఆదేశంతో తమిళనాడులో 2015 జులై 1 నుంచి బండి నడిపేవారికీ వెనక కూర్చునేవారికీ హెల్మెట్ తప్పనిసరిగా అమలైంది. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ హెల్మెట్‌ను బెల్టుతో తలకు గట్టిగా బిగించాలని కూడా చెబుతుంది. సైజు సరిపోయిందో లేదో మాత్రం ఏ పోలీసూ ఆపి చూడడు. ఆ తనిఖీ కొనేవాడిదే.

పైగా వదులు హెల్మెట్ చల్లగా ఉంటుందన్నది కూడా భ్రమే. తలకూ మెత్తకూ మధ్య మిగిలిన ఖాళీలోని గాలికి బయటికి దారి లేదు. అది అక్కడే ఉండి చెమటతో బరువెక్కుతుంది. నుదుటికి సరిగ్గా ఆనిన హెల్మెట్‌లో మాత్రం ముందు రంధ్రంలోంచి వచ్చిన గాలి థర్మాకోల్‌లో తవ్విన కాలువ పట్టుకుని నడినెత్తి మీదుగా వెనక్కి పోతుంది.

ఎదురెదురు కిటికీలు

పాతకాలపు పెంకుటిళ్లు కట్టిన మేస్త్రీలకు గాలి సంగతి బాగా తెలుసు. ఒక గోడకు ఎంత పెద్ద కిటికీ పెట్టినా, ఎదురు గోడకు మరొకటి లేకపోతే గాలి లోపలికి రాదు. హెల్మెట్‌దీ అదే లెక్క. గడ్డం దగ్గర, నుదుటి మీద, నడినెత్తిన గాలి లోపలికి వచ్చే రంధ్రాలు ఉంటాయి. వెనక, మెడకు కాస్త పైన, బయటికి పోయే రంధ్రాలు ఉండాలి. బండి ముందుకు సాగుతుంటే హెల్మెట్ వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది. ఆ తగ్గుదలే లోపలి వేడి గాలిని బయటికి లాగుతుంది. వెనక దారి లేని హెల్మెట్‌కు ముందు ఎన్ని చిల్లులున్నా అలంకారానికే.

అలంకారం అన్న మాట ఊరికే అన్నది కాదు. తక్కువ ధర హెల్మెట్లలో కొన్నిటికి పైన జాలీలా కనిపించే ప్లాస్టిక్ ముక్క అంటించి ఉంటుంది. మీట జరిపితే టక్కుమని తెరుచుకుంటుంది కూడా. లోపల చూస్తే థర్మాకోల్‌కు చిల్లే ఉండదు. గాలి గుమ్మం దాకా వచ్చి తలుపు లేక వెనుదిరుగుతుంది.

దీన్ని పట్టుకోవడానికి కొట్లోనే రెండు పరీక్షలు చేయొచ్చు. మొదటిది మొబైల్ టార్చితో. లోపలి మెత్తను బటన్లు ఊడదీసి తీయమని అడగాలి. రంధ్రాల మీటలన్నీ తెరిచి, బయటి నుంచి ఒక్కో రంధ్రం మీద టార్చి వెలుగు వేసి లోపలికి చూడాలి. వెలుగు నేరుగానో పక్కవాటుగానో కనిపిస్తే దారి ఉన్నట్టు. కనిపించకపోతే అది బొమ్మ రంధ్రం. ఆ చూపులోనే థర్మాకోల్ లోపలి వైపు ముందు నుంచి వెనక్కి కాలువలు ఉన్నాయో లేదో కూడా తెలుస్తుంది. రంధ్రం ఉండి కాలువ లేకపోతే గాలి ఒక నాణెమంత చోటును చల్లబరిచి అక్కడే ఆగిపోతుంది.

రెండోది ఫ్యాను పరీక్ష. ఏ కొట్లోనైనా టేబుల్ ఫ్యానో గోడ ఫ్యానో తిరుగుతూ ఉంటుంది. మెత్తను మళ్లీ బిగించి, హెల్మెట్ పెట్టుకుని, గ్లాసు పూర్తిగా దించి, ఫ్యానుకు ఎదురుగా రెండడుగుల దూరంలో నిలబడాలి. నుదుటి మీట మూసి, తెరిచి, మళ్లీ మూసి చూడాలి. తేడా చర్మానికి తెలియాలి. టార్చి పరీక్షలో నెగ్గి ఇక్కడ ఓడిన హెల్మెట్‌లో సాధారణంగా మెత్త గుడ్డే అపరాధి. రంధ్రానికి ఎదురుగా దట్టమైన వెల్వెట్ లాంటి గుడ్డ ఉంటే గాలి దాన్ని దాటలేదు. అక్కడ జాలీ గుడ్డ ఉండాలి.

ఇంత చూసినా ఒక పరిమితి మిగులుతుంది. రంధ్రాలు బండి వేగంతో పనిచేస్తాయి. నలభైలో సాగుతున్నప్పుడు గాలి తెలుస్తుంది. కోయంబేడు సిగ్నల్ దగ్గర తొంభై సెకన్లు నిలబడినప్పుడు ప్రపంచంలో ఎంత ఖరీదైన రంధ్రమూ పనిచేయదు. అక్కడ చేయగలిగింది గ్లాసు ఎత్తడం, బండి కదలగానే దించడం. అందుకే నగరంలో తిరిగేవాళ్లకు గ్లాసు ఒక్క వేలితో ఎత్తగలిగేలా, సగంలో ఆగేలా ఉండటం నడినెత్తి రంధ్రం కంటే ఎక్కువ ఉపయోగం. గడ్డం దగ్గరి రంధ్రమూ అంతే. ఊపిరి తేమను నెట్టేసేది అదే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో గ్లాసుకు ఆవిరి పట్టకుండా కాపాడేదీ అదే.

నీటితో తడిపిన ఫిల్టరు మీదుగా గాలి ఊది చల్లబరిచే చిన్న యంత్రాలు హెల్మెట్ గడ్డానికి తగిలించుకునేలా వచ్చాయి. బెంగళూరు సంస్థ బ్లూఆర్మర్ ఇలాంటివి తయారుచేసింది. పొడి ఊళ్లలో వాటి సుఖం వేరు. చెన్నై తేమలో మాత్రం మొదట చెప్పుకున్న కూలర్ కథే. ఫ్యాను గాలి వరకు లాభం ఉంటుంది, తడి వల్ల వచ్చే చల్లదనం అంతంత మాత్రం.

రంగు గురించి కూడా ఒక్క మాట. నల్ల మ్యాట్ హెల్మెట్ ఎండలో నిలబడితే తెల్లదాని కంటే బాగా వేడెక్కుతుంది. అయితే లోపలి థర్మాకోల్ వేడిని అంత సులువుగా లోపలికి రానివ్వదు కాబట్టి, కదిలే బండి మీద తేడా కొద్దిగానే ఉంటుంది. బండి అద్దానికి తగిలించి ఎండలో వదిలేసినప్పుడే అసలు తేడా. సరైన గాలిదారి ఉన్న నల్ల హెల్మెట్, గాలిదారి లేని తెల్ల హెల్మెట్ కంటే మేలు.

చెమట ఎక్కడికి పోవాలి

గాలి ఎంత ఆడినా చెన్నైలో చెమట పూర్తిగా ఆరదు. మిగిలింది మెత్తలోకి దిగుతుంది. కాబట్టి మెత్త గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న అది ఎంత మెత్తగా ఉందని కాదు, ఊడొస్తుందా అని. నెత్తి భాగం, రెండు చెంపల భాగాలు, గడ్డం బెల్టు తొడుగు విడివిడిగా ఊడిరావాలి. జిగురుతో అంటించిన మెత్తను ఉతకలేం. ఒక వేసవి తర్వాత దాని వాసన ఏ సెంటుకూ లొంగదు.

గుడ్డ విషయంలో చెయ్యి మోసం చేస్తుంది. కొట్లో ఏసీ గాలిలో వెల్వెట్ మెత్త పట్టులా హాయిగా అనిపిస్తుంది. పలుచని, కాస్త గరుకుగా ఉండే పాలియెస్టర్ జాలీ గుడ్డ చవకబారుగా కనిపిస్తుంది. గిండీ చేరేసరికి పరిస్థితి తారుమారవుతుంది. వెల్వెట్ నీళ్లు పీల్చి పట్టి ఉంచుతుంది. జాలీ గుడ్డ చెమటను పలుచగా పరిచి గాలికి ఇస్తుంది. వేలు తడిచేసి గుడ్డ మీద ఒక చుక్క ఉంచితే సంగతి తెలిసిపోతుంది. చుక్క చప్పున పాకి పెద్ద మచ్చగా మారితే మంచిది. ఒకేచోట గుంటలా నిలిస్తే వద్దు.

తెలుగు, తమిళ ఇళ్లలో మరో సమస్య కొబ్బరి నూనె. పొద్దున్నే తలకు నూనె పెట్టి హెల్మెట్ తొడిగితే ఆ నూనె మెత్తలోని స్పాంజిలోకి దిగి, చెమట ఉప్పుతో, రోడ్డు దుమ్ముతో కలిసి గట్టిపడుతుంది. తలస్నానం చేసి తడి జుట్టు మీదే పెట్టుకునే అలవాటు ఇంకా చెడ్డది. చుండ్రుతో ముడిపడిన ఫంగస్‌కు నూనె, వెచ్చదనం, తడి మూడూ ఇష్టం. హెల్మెట్ వల్లే జుట్టు రాలుతోందని చెప్పేవాళ్లలో కొందరి తల దురదకు ఉతకని మెత్తే కారణం కావచ్చు.

దీనికి తేలికైన విరుగుడు హెల్మెట్ లోపల పెట్టుకునే పలుచని టోపీ. నూలు టోపీ చెమటను పీల్చుతుంది కానీ చెన్నైలో తొందరగా ఆరదు. పాలియెస్టర్ టోపీ తొందరగా ఆరుతుంది. ఏదైనా మూడు కొని, పోయేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి వాడి, మూడోది ఆరేసుకోవచ్చు. టోపీ వాడాలనుకుంటే హెల్మెట్ సైజు చూసేటప్పుడే దాన్ని పెట్టుకుని చూడాలి. తర్వాత చేర్చిన టోపీ సరిపోయిన హెల్మెట్‌ను బిగుతు చేస్తుంది.

కత్తిరి ఎండల కాలంలో మెత్తను వారానికోసారి ఉతకాలి. గోరువెచ్చని నీళ్లు, రెండు చెంచాల షాంపూ, పావుగంట నానబెట్టడం, అరచేత్తో నొక్కి జాడించడం, అంతే. పిండకూడదు. వాషింగ్ మెషీన్, వేడినీళ్లు, బట్టల సోడా స్పాంజిని చీల్చేస్తాయి. ఎండలో కాక నీడలో ఫ్యాను కింద ఆరేయాలి. చెన్నై తేమలో అది ఆరడానికి ఒక రాత్రంతా పట్టవచ్చు. సగం ఆరిన మెత్తను బిగిస్తే సోమవారం సాయంత్రానికే వాసన మొదలవుతుంది. అందుకే కొనేటప్పుడే రెండో మెత్త సెట్టు విడిగా దొరుకుతుందా అని అడగాలి.

థర్మాకోల్‌ను మాత్రం తడిగుడ్డతో తుడిచి వదిలేయాలి. మరకలు పోవాలని పెట్రోలు, థిన్నర్ తగిలిస్తే అది కరిగిపోతుంది. దెబ్బను మింగే పొర అదే. అలాగే చెమటతో తడిసిన హెల్మెట్‌ను స్కూటర్ సీటు కింద పెట్టి తాళం వేయడం వద్దు. ఆఫీసు బల్ల మీద నోరు పైకి పెడితే రెండు గంటల్లో సగం ఆరుతుంది.

టేపు, పావుగంట, ఒక కుదుపు

మళ్లీ నెల్లూరు కుర్రాడి దగ్గరికి. ఈసారి అతను అన్నా సాలై పక్కన విడిభాగాల దుకాణాలకు పేరున్న జనరల్ ప్యాటర్స్ రోడ్డుకు వెళ్లాడు. జేబులో దర్జీ టేపు, తలకు పలుచని టోపీ. వెళ్లింది మధ్యాహ్నం మూడింటికి. సాయంత్రం చల్లబడ్డాక, ఏసీ కొట్లో పెట్టుకుని చూస్తే ఏ హెల్మెట్ అయినా బాగానే ఉంటుంది.

కనుబొమలకు వేలెడు పైన, చెవుల మీదుగా, వెనక తల ఎక్కువగా ఉబ్బిన చోటు దాకా టేపు చుట్టాడు. మూడుసార్లు కొలిచి పెద్ద కొలత తీసుకున్నాడు. 58.3 సెంటీమీటర్లు. అతని పాత హెల్మెట్ మీద 'ఎల్' అని ఉండేది. కొట్టతను అతని యాస విని తెలుగులోకి దిగాడు.

"ఏం సైజు కావాల తమ్ముడూ?"

"ఎల్ అన్నా."

"ఏ కంపెనీ ఎల్? ఒకరి ఎల్ ఐదొందల ఎనభై, ఇంకొకరి ఎల్ ఆరొందలు. అక్షరం చూడొద్దు, లోపల స్టిక్కర్ చూడు."

పాతది 600 మిల్లీమీటర్లది. అంటే అతని తల కంటే దాదాపు 17 మిల్లీమీటర్లు ఎక్కువ. ఈసారి 580ది తీసుకున్నాడు. పెట్టుకోగానే చెంపలు కాస్త ఉబ్బాయి, మాట్లాడితే చెంపలోపలి చర్మం పళ్లకు తగిలింది. కొత్తలో ఉండాల్సింది అదే. మొదటి కొన్ని వారాల్లో చెంపల మెత్త అణిగి చోటిస్తుంది. నుదురు మాత్రం అలా సర్దుకోదు. అందుకే పావుగంట పెట్టుకునే కూర్చోవాలి. తీసి అద్దంలో చూస్తే నుదురంతా ఒకే తీరు పలుచని ఎరుపు ఉండటం మామూలే. మధ్యలో రూపాయి బిళ్లంత ఎర్రమచ్చ ఉండి అక్కడే నొప్పి పెడుతుంటే సైజు కాదు, ఆకారం కుదరలేదు. పొడుగు తలకు గుండ్రటి హెల్మెట్ పడిందన్నమాట. అప్పుడు సైజు పెంచకూడదు, మోడల్ మార్చాలి.

చివరిగా కుదుపు పరీక్ష. బెల్టు కింద రెండు వేళ్లు పట్టేంత బిగించి, తల అడ్డంగా గబగబా ఊపాలి. చర్మం హెల్మెట్‌తో పాటే కదలాలి. ఆ తర్వాత పక్కన ఉన్నవాళ్లను వెనక అంచు పట్టుకుని పైకి, ముందుకు నెట్టమనాలి. హెల్మెట్ కళ్ల మీదికి దొర్లితే అది వద్దు. కుర్రాడి పాత హెల్మెట్‌ను కొట్టతను అలా నెట్టి చూశాడు. బెల్టు పెట్టి ఉండగానే అది ముక్కు మీదికి వచ్చేసింది.

డబ్బు ఇచ్చే ముందు వెనక వైపు ఐఎస్ఐ గుర్తు, దాని పైన ఐఎస్ 4151 అన్న అంకె, కింద సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్సు నంబరు చూసుకున్నాడు. 2021 జూన్ నుంచి ఈ గుర్తు లేని బండి హెల్మెట్ తయారీ, అమ్మకం దేశంలో నిషేధం. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టాడు. కంపెనీ పేరు, లైసెన్సు అమల్లో ఉన్న సంగతి తెర మీద వచ్చాయి. పేవ్‌మెంట్ మీద అమ్మే వాటిలో ముద్ర ఉన్నా నంబరు కొడితే పేరు కలవనివి ఉంటాయి.

ఇక ఆరు నెలలకోసారి కుదుపు పరీక్ష ఇంట్లోనే చేసుకోవాలి. తల ఊపితే హెల్మెట్ ఆలస్యంగా తిరగడం మొదలైతే ముందు చెంపల మెత్తలు కొత్తవి వేయించాలి. అప్పటికీ ఆగకపోతే, లేదా ఒక్కసారి గట్టి దెబ్బ తగిలితే, హెల్మెట్టే మార్చాలి. బెల్టు క్లిప్పుకు చెమట ఉప్పు పట్టి బిగుసుకుపోతుందేమో కూడా చూస్తుండాలి.

కుర్రాడు రెండో మెత్త సెట్టు కూడా కొన్నాడు. ఆదివారం మాధవరంలో డాబా మీద మొదటిది నీడన ఆరుతుంటే, రెండోది హెల్మెట్‌లో ఉంటుంది.